గిఫ్ట్ కార్డు ఏదైనా సరే, ముందు చీటీ రాసి చూడండి: ఫోనుకు దొరకని పెద్దమ్మకు మూడుసార్లు పంపిన అనుభవం

మా పెద్దమ్మకు ఫోను ఉంది. ఆ ఫోను ఎప్పుడూ ఇంట్లో గూట్లో దేవుడి పటం పక్కనే ఉంటుంది, పెద్దమ్మ మాత్రం ఇంట్లో ఉండదు. ఊరు నెల్లూరు జిల్లాలో సీతారామపురం మండలం, వెలిగొండల కింద పల్లె, సిగ్నల్ కావాలంటే మిద్దె మీదికెక్కాలి. తెలియని నంబరైతే ఎత్తదు, తెలిసిన నంబరైతే చెయ్యి తుడుచుకుని వచ్చేలోపు ఆగిపోతుంది, తిరిగి చేద్దామంటే రీచార్జి అయిపోయి ఉంటుంది. కొడుకు బెంగళూరులో, నేను చెన్నైలో. ఇలాంటి మనిషికి మూడేళ్లలో మూడుసార్లు గిఫ్ట్ కార్డు పంపాను. రెండుసార్లు డబ్బు నీళ్ల పాలు, మూడోసారి ఆవిడ తనే వెళ్లి చీర తీసుకుంది. మూడుసార్లూ కార్డుకు వంకేమీ లేదు, దాంతో వెళ్లిన రాతే రెండుసార్లు కొంప ముంచింది.

మామూలుగా గిఫ్ట్ కార్డు పంపాక మనం ఫోను చేసి "పంపాను, వచ్చిందా, ఇట్లా వాడుకో" అని చెబుతాం. ఆ ఒక్క ఫోనుతో సగం తికమక తీరిపోతుంది. ఫోనుకు దొరకని వాళ్ల దగ్గర ఆ సగం పని కూడా చీటీయే చెయ్యాలి. అందుకే ఏ కార్డు కొనాలి అని వెతికే ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని, "పెద్దమ్మా, ఈ కార్డు పట్టుకుని ఫలానా చోటికి వెళ్లి, ఫలానా వాళ్లకు చూపించి, ఈ మాట అడుగు" అనే వాక్యం రాయడానికి ప్రయత్నించండి. ఆ వాక్యం రాయలేకపోయారా, ఆ కార్డు ఆ మనిషికి పనికిరాదు. ఎంత డిస్కౌంటులో వచ్చినా కొనొద్దు. నేను ఈ పరీక్ష మొదటే పెట్టుకుని ఉంటే 3,500 రూపాయలు మిగిలేవి.

చీటీ పంపడానికి ఉన్న దారులు నాకు తెలిసి మూడే. ఆన్‌లైన్లో కొనేటప్పుడు వచ్చే మెసేజ్ డబ్బాలో రాయడం, కొట్టువాళ్లిచ్చే రంగుల అట్ట మీద నాలుగు మాటలు గీకడం, మనమే విడిగా ఉత్తరం రాసి కార్డుతో పంపడం. మూడూ నేను వాడి చూసినవే, వరసగా చెబుతాను.

మెసేజ్ డబ్బా

2023 సంక్రాంతికి 1,500 రూపాయల ఈ-గిఫ్ట్ కార్డు పెద్దమ్మ నంబరుకే పంపాను. డబ్బాలో తెలుగులో ముచ్చటగా రాశాను కూడా. పండగ హడావుడిలో ఆవిడ దాన్ని చూసిందా లేదా అని కనుక్కోనే లేదు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆవిడ బటన్ ఫోనులో నా తెలుగు అంతా వరసగా చదరపు గళ్లలా పడింది, దాని కింద ఇంగ్లీషులో ఒక కోడు, ఒక లింకు. ఆవిడ భయపడి ఎరువుల కొట్టు కుర్రాడికి చూపిస్తే వాడు "లాటరీ మోసం అత్తా, ముట్టుకోవద్దు" అని తీసేశాడు. ఆ కుర్రాడిని ఏమీ అనలేను, వాడి స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ని. అసలు బాధేమిటంటే నా మెయిల్లో ఆ కార్డు రసీదు అలాగే ఉంది, గడువులోపు ఎప్పుడు తెలిసినా మళ్లీ పంపించుకునేవాణ్ని, నాకు విషయం తెలిసింది పధ్నాలుగు నెలలకు, కార్డు గడువు పన్నెండు నెలలు.

ఇందులో చాలామందికి తెలియని చిన్న లెక్క ఒకటుంది. మామూలు ఎస్ఎంఎస్ ఇంగ్లీషులో అయితే ఒకదాంట్లో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో రాస్తే 70కి పడిపోతుంది. ఆ 70 కూడా మనం కంటితో లెక్కపెట్టే అక్షరాలు కావు. "పెద్దమ్మా" అని రాస్తే మనకు కనబడేది మూడక్షరాలు, కానీ గుణింతం గుర్తులు, ఒత్తు కింద దాక్కున్న పొల్లులు అన్నీ విడివిడిగా లెక్కలోకి వచ్చి అది తొమ్మిదవుతుంది. అంటే పిలుపుకే తొమ్మిది పోతే, "ఎక్కడికి వెళ్లాలి, ఎవరిని అడగాలి" అని చెప్పడానికి చోటెక్కడుంది? పైగా పాత ఫోన్లలో తెలుగు ఫాంటే లేకపోతే రాసినదంతా గళ్లే.

కాబట్టి మెసేజ్ డబ్బా ఎవరికి పనికొస్తుందంటే, స్మార్ట్‌ఫోను ఉండి, వాట్సాప్ చూస్తూ, ఊరికే మన ఫోను ఎత్తని వాళ్లకు. గల్ఫ్‌లో షిఫ్టుల్లో ఉండే బావమరిది, హాస్టల్లో ఉండి అమ్మ ఫోను కూడా కట్ చేసే మేనకోడలు, ఇలాంటి వాళ్లు. వాళ్లకు కోడు ఎక్కడ కొట్టాలో మనం నేర్పక్కర్లేదు. వాళ్లకు రాసే రెండు వాక్యాల్లో ఒకటి మాత్రం మీరే పంపారని నమ్మించేదై ఉండాలి, మీ ఇద్దరికే తెలిసిన ఒక మాట. "మొన్న కావలి బస్సులో నువ్వు చెప్పుల జత మర్చిపోయావు కదా, ఇది దానికి" అని రాస్తే ఆ మేనకోడలు మోసం అనుకోదు. "హ్యాపీ బర్త్‌డే, ఎంజాయ్" అని రాస్తే అది ఏ కంపెనీ అయినా రాయగలదు. ఈ-కార్డు పెద్దవాళ్ల నంబరుకు నేరుగా పంపకండి, మీ మెయిల్‌కే తెప్పించుకోండి, కోడు మీ దగ్గరుంటుంది, తర్వాత ఏ దారిలో చేర్చాలో మీ ఇష్టం.

రంగుల అట్ట

రెండోసారి 2024లో మా చిన్నాన్న కూతురి పెళ్లిలో పెద్దమ్మ చేతికే ఇచ్చాను. బ్యాంకు గిఫ్ట్ కార్డు, 2,000 రూపాయలు. పైన బంగారు రంగు అట్ట, దాని మీద "టు", "ఫ్రమ్" అని గీతలు, నేను అక్కడ "పెద్దమ్మకు ప్రేమతో" అని రాసి ఊరుకున్నాను. పెళ్లి సందడిలో చెవి దగ్గర నోరు పెట్టి "వాడుకో పెద్దమ్మా" అన్నాను, ఆవిడ తలూపింది, భోజనాల బంతి లేచింది, అంతే.

ఏడాది దాటాక ఊరెళ్లినప్పుడు అడిగితే ఆవిడ ఎంత గర్వంగా చెప్పిందో. "యాడికి పోతుందబ్బయ్యా, ఆధార్ కార్డుతో పాటు పెట్టె అడుగున భద్రంగా పెట్టుండాను." నిజమే, ఆవిడ జీవితంలో కార్డు అంటే భద్రంగా దాచుకునేది. రేషన్ కార్డు, ఆధార్ కార్డు, ఏటీఎం కార్డు, అన్నీ పెట్టెలోనే ఉంటాయి. అట్ట మీద "టు, ఫ్రమ్" తప్ప "ఇది ఖర్చు పెట్టేయాల్సింది" అని ఎక్కడా లేదు. తేదీ కార్డు మీద నెల, సంవత్సరం అని సన్నగా అంకెల్లో ఉంది, అది గడువని ఆవిడకు ఎవరు చెప్పారు?

ఇంకో పొరపాటు కార్డు ఎంపికలోనే జరిగింది, చీటీ పరీక్ష పెట్టుకుని ఉంటే అప్పుడే దొరికేది. బ్యాంకు కార్డు అంటే ఎక్కడైనా చెల్లుతుంది కదా అని కొన్నాను. ఎక్కడైనా అంటే గీకే మిషను ఉన్న చోట. ఆవిడ పల్లెలో అలాంటి కొట్టు ఒక్కటీ లేదు. డబ్బుగా తీసుకుందామంటే రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం గిఫ్ట్ కార్డు నుంచి నోట్లు తియ్యడం కుదరదు, వేరే ఖాతాకు పంపడం కుదరదు. 10,000 మించి ఉండదు, ఖాళీ అయ్యాక మళ్లీ నింపలేం, కనీసం ఏడాది చెల్లాలి, ఇవీ ఆ నిబంధనలు. ఒక బట్టల కొట్టో సూపర్ మార్కెట్టో తన దగ్గరే చెల్లేటట్టు ఇచ్చే కార్డుకు ఆ కొట్టు షరతులే షరతులు, వెనక సన్నక్షరాలు చదివి తీరాల్సిందే. అయినా ఇలాంటి పెద్దవాళ్లకు "ఎక్కడైనా చెల్లుతుంది" కంటే "ఈ ఒక్క కొట్లోనే చెల్లుతుంది" అన్నదే మేలని నా అభిప్రాయం. ఎక్కడైనా అన్నది చీటీలో రాయలేం. ఒక కొట్టయితే దాని గుమ్మం దాకా దారి చెప్పొచ్చు.

రంగుల అట్ట పక్కింటి పిల్లాడి పుట్టినరోజుకి బాగానే ఉంటుంది. దూరంగా ఉండే మనిషికి అది చీటీ కిందికి రాదు, మొదటి రోజే చెత్తబుట్టలోకి పోతుంది.

విడిగా ఉత్తరం

మూడోసారి 2025 దీపావళికి. ఈసారి ముందు కాగితం తీసుకుని కూర్చున్నాను. ఆవిడ ఊరు దాటి ఎక్కడికి వెళ్తుంది? కూరగాయలకు, బియ్యానికి ఉదయగిరి. రెండు నెలలకోసారి కంటి ఆసుపత్రికి నెల్లూరు, వంద కిలోమీటర్ల పైమాటే, పొద్దున్నే మొదటి బస్సులో ఆత్మకూరు మీదుగా వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్తుంది. ఉదయగిరిలో కార్డు తీసుకునే కొట్టు నాకు దొరకలేదు. నెల్లూరులో ఉంది, ట్రంకు రోడ్డు మీద ఒక బట్టల కొట్టు, ఆసుపత్రి నుంచి ఆటోలో పది నిమిషాలు. సరే, వాక్యం రాయగలిగాను: "కళ్ల ఆసుపత్రికి వచ్చిన రోజు, పని అయ్యాక, అక్కణ్నుంచి ఆటోలో వెళ్లు." కార్డు ఆ తర్వాతే కొన్నాను.

అక్కడే కౌంటర్లో మూడు ప్రశ్నలు అడిగాను, మీరూ అడగండి, ఎందుకంటే జవాబులు చీటీలోకి వెళ్తాయి. డబ్బంతా ఒకే బిల్లులో వాడాలా, మిగిలితే కార్డులో ఉంటుందా? బిల్లు ఎక్కువైతే మిగతాది నోట్లలో ఇవ్వొచ్చా? వెనక గీకే పూత కింద ఉన్న పిన్ను నంబరు కొట్లో మీరు గీకుతారా, ముందే గీకి తేవాలా? ఇంకొకటి, కార్డు ఆన్ అయిందని రసీదు తీసుకోండి. బిల్లు కొట్టేటప్పుడు ఆన్ చెయ్యడం మర్చిపోతే అది ఉత్త ప్లాస్టిక్ ముక్క, ఆ సంగతి వంద కిలోమీటర్లు బస్సులో వచ్చిన పెద్దమ్మకు కౌంటర్ దగ్గర తెలియకూడదు.

ఉత్తరం రాసే ముందు ఆలోచించాల్సింది, దాన్ని చదివేదెవరు అని. మా పెద్దమ్మ రామాయణం పెద్దక్షరాల పుస్తకం వేలు పెట్టి చదువుతుంది, కానీ నా గొలుసుకట్టు రాత చదవలేదు, పైగా కళ్లు మసక. అంటే పక్కింటి అమ్మాయి బయటికి చదివి వినిపిస్తుంది. వీధి అరుగు మీద, నలుగురి ముందు. కాబట్టి రెండు కాగితాలు రాశాను. ఒకటి అందరూ వినదగ్గది, కార్డు గురించి. రెండోది ఆవిడకు మాత్రమే, మడిచి, పైన "పెద్దమ్మకు మాత్రమే" అని. అందులో మా అమ్మ ఆరోగ్యం, పెద్దమ్మ కొడుకు గురించి రెండు మాటలు, అది మీకు అనవసరం. చదివి వినిపించే కాగితంలో కార్డు నంబరు రాయొద్దు, పిన్ను అసలే వద్దు. మొత్తం ఎంతో రాయాలా వద్దా అని చాలాసేపు తన్నుకున్నాను, ఊళ్లో నలుగురికీ తెలుస్తుంది కదా అని, చివరికి రాశాను, ఎందుకంటే ఎంతుందో తెలియని మనిషి కొట్లోకి అడుగుపెట్టడానికే జంకుతుంది.

ఇదీ ఆ మొదటి కాగితం, అక్షరాలు విడివిడిగా, వేలి గోరంత సైజులో, నల్ల స్కెచ్ పెన్నుతో. కొట్టు పేరొక్కటే ఇక్కడ తీసేశాను:

> శ్రీరామ
>
> పెద్దమ్మా, నీ చెల్లెలి చిన్నకొడుకుని రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం. చెడ్డ కబురేమీ లేదు.
>
> ఈ కవర్లో ఎర్ర కార్డు ఒకటి ఉంది. అందులో 2,000 రూపాయలు ఉన్నాయి. డబ్బు నేను కట్టేశాను. నీకు చీర పెడుతున్నాను, రంగు నువ్వే చూసుకో.
>
> ఇది దాచుకునే కార్డు కాదు. సంక్రాంతి లోపల చీర తీసుకోవాలి. ఏటీఎంలో డబ్బు రాదు.
>
> నెల్లూరులో ట్రంకు రోడ్డు మీద ఫలానా బట్టల కొట్లోనే ఇది చెల్లుతుంది. కళ్ల ఆసుపత్రికి వచ్చిన రోజు, పని అయ్యాక, అక్కణ్నుంచి ఆటోలో వెళ్లు. ఈ కాగితం ఆటో అతనికి చూపించు.
>
> కొట్లో డబ్బు కట్టే చోట ముందు కార్డు ఇచ్చి "ఇందులో ఎంతుందో చూడు నాయనా" అని అడుగు. వాళ్లు చెప్పాక చీర చూసుకో. ఎక్కువైతే మిగతాది నోట్లు ఇవ్వు. తక్కువైతే మిగిలింది కార్డులోనే ఉంటుంది, కార్డు వెనక్కి అడిగి తీసుకో.
>
> వెనక వెండి రంగు పూత నువ్వు గీకొద్దు. కొట్లోవాళ్లే గీకుతారు.
>
> ఈ కార్డు మీద నంబరు ఫోన్లో ఎవరడిగినా చెప్పొద్దు. బ్యాంకు అన్నా, పోస్టాఫీసు అన్నా, నా పేరు చెప్పినా చెప్పొద్దు. నేను ఎప్పుడూ అడగను.
>
> నాకు ఫోను చెయ్యకపోయినా పర్లేదు.

ఒక్కో మాట ఎందుకుందో కొంచెం చెప్పాలి. "చెడ్డ కబురేమీ లేదు" అని రెండో వరసలోనే ఎందుకంటే, ఆ వయసు వాళ్లకు ఉత్తరం వచ్చిందంటే గుండె గుభేలుమంటుంది, చావు కబుర్లు ఉత్తరాల్లో వచ్చిన కాలం వాళ్లది. అందుకే కాగితం నాలుగు మూలలా పసుపు కూడా రాశాను, శుభలేఖకు రాసినట్టు. అక్షరం చదవకముందే ఆ పసుపు చూసి కుదుటపడుతుంది. నవ్వుకోకండి, చదవలేని మనిషికి అది కూడా రాతే.

"చీర పెడుతున్నాను" అన్న మాట కూడా కావాలనే. "గిఫ్ట్" అంటే ఆవిడకు పెళ్లిలో ఇచ్చే స్టీలు గిన్నె. చీర పెట్టడం అంటే అర్థమవుతుంది, దాన్ని పెట్టెలో దాచకూడదని కూడా అర్థమవుతుంది.

గడువు విషయంలో నేను చిన్న అబద్ధం ఆడాను. కార్డు నిజంగా చెల్లేది 2026 అక్టోబరు దాకా. కానీ "అక్టోబరు" అని రాస్తే సెప్టెంబరు దాకా పెట్టెలోంచి తియ్యదు, సెప్టెంబరులో వానొస్తుంది, ఇంట్లో ఎవరికో జ్వరమొస్తుంది, అయిపోతుంది. సంక్రాంతి అంటే పంచాంగం అక్కర్లేదు, ఎదురుగా కనిపించే గడువు. అసలు తేదీ నా డైరీలో ఉంది, సంక్రాంతికి కాకపోయినా ఇంకా తొమ్మిది నెలలు చేతిలో ఉంటాయి. తెలిసినవాళ్లు కొందరు ఇది తప్పన్నారు. ఏమో, నాకైతే తప్పనిపించలేదు.

ఫోన్లో నంబరు చెప్పొద్దన్న పేరా తీసెయ్యకండి, చోటు చాలకపోతే ఇంకోటి తీసెయ్యండి. గిఫ్ట్ కార్డు నంబరు, పిన్ను తెలిస్తే చాలు, కార్డు పెద్దమ్మ పెట్టెలో ఉండగానే వేరేవాడు ఖర్చు పెట్టేస్తాడు, ఒకసారి వాడేశాక వెనక్కి రాబట్టడం చాలా కష్టం. పూత గీకొద్దనడం కూడా అందుకే. పూత చెదరకుండా ఉంటే పిన్ను ఎవరికీ తెలియనట్టే, గీకి ఉంటే కొట్లోవాళ్లకు కూడా అనుమానమొస్తుంది. మోసం జరిగిందని తెలిస్తే వెంటనే కొట్టాల్సిన నంబరు 1930, కానీ దాన్ని పెద్దమ్మ చీటీలో రాయలేదు, కార్డు మీద ఒక నంబరు, కాగితంలో ఇంకో నంబరు ఉంటే ఏది ఎవరికి చెప్పాలో తికమక, అది నా దగ్గరుంటే చాలు.

ఇక చివరి వాక్యం. "అందగానే ఫోను చెయ్యి" అని రాయాలని చెయ్యి పీకుతుంది. రాయొద్దు. ఫోనుకు దొరకని వాళ్లకు ఫోను చెయ్యమనే షరతు పెడితే, రీచార్జి అయ్యేదాకా చెయ్యలేక, చెయ్యలేదు కదా అని మొహమాటపడి, చీర కూడా తీసుకోకుండా ఊరుకునే రకం వీళ్లు. అలిగి దూరమైన వాళ్లకయితే ఇది ఇంకా ముఖ్యం. మా వాళ్లలో ఒకాయన కనిగిరి దగ్గర ఉంటారు, పొలం గట్టు తగాదా తర్వాత ఆరేళ్లుగా మాటల్లేవు, ఆయనకు కార్డు పంపుదామా అని మా అన్న అడిగాడు. నేను వద్దన్నాను. చుట్టాల మధ్య తగువున్నప్పుడు కార్డు పంపితే నోరు మూయించడానికి డబ్బిచ్చినట్టుంటుంది, చీటీలో ఎన్ని తీపి మాటలు రాసినా ఆ వాసన పోదు. తప్పనిసరైతే పిల్లల పేరు మీద పంపి, రెండు వాక్యాల్లో ముగించాలి, గట్టు మాట ఎత్తకూడదు, "కలుద్దాం" అని కూడా అనకూడదు.

ఎట్లా పంపాలి

మనిషి చేత పంపడం, పోస్టులో పంపడం, ఈ రెంటిలో నేను ఎప్పుడూ మనిషే మేలనుకునేవాణ్ని. తిరునాళ్లకో పెళ్లికో ఊరెళ్లేవాళ్లు దొరికితే పైన నూటపదహార్లు నోట్లు కూడా కలిపి పంపొచ్చు, కార్డులు 500, 1,000, 2,000 అని గుండు సున్నాల్లో వస్తాయి కదా, పెద్దవాళ్లకు సున్నాతో ఇవ్వడం మనకు నచ్చదు. కానీ మనిషి చేత పంపితే చీటీ చదవబడదు. ఆయన అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ "మీవాడు ఏదో కార్డు పంపాడమ్మా" అని నోటితో చెబుతాడు, సగం తప్పు చెబుతాడు, ఆవిడ విన్నదే గుర్తు పెట్టుకుంటుంది. పెళ్లిలో నేనే చేసింది అదే కదా. అదే పోస్టులో వచ్చిన కవరయితే పోస్టుమాన్ ముందే విప్పుతారు, ఎవరో ఒకరు చదువుతారు, పేరాపేరా వింటుంది.

పోస్టంటే స్పీడ్ పోస్టే. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును అందులోనే కలిపేశారు. కౌంటర్లో రిజిస్ట్రేషన్ సదుపాయం కావాలని విడిగా అడిగితే కొంచెం అదనంగా తీసుకుని, కవరు మీద పేరున్న మనిషికో ఆ మనిషి అధికారమిచ్చిన వాళ్లకో మాత్రమే ఇస్తారు. ఓటీపీతో డెలివరీ అని ఇంకో సదుపాయం కూడా వచ్చింది, వినడానికి భద్రంగా అనిపిస్తుంది, ఫోనుకు దొరకని వాళ్లకు మాత్రం దాన్ని పెట్టించకండి. ఓటీపీ గూట్లో ఫోనుకు వస్తుంది, పెద్దమ్మ చేలో ఉంటుంది, కవరు వెనక్కి తిరిగొస్తుంది.

చిరునామా నేను రెండు భాషల్లో రాశాను. చెన్నైలో ఇంగ్లీషు చదువుతారు, పల్లె పోస్టాఫీసుకు చేరాక తెలుగు చదువుతారు. పెద్దమ్మ పేరు కింద పెదనాయన పేరు, "రామాలయం వెనక వీధి" అని గుర్తు, పిన్‌కోడు, వెనక నా చిరునామా. కార్డును కాగితానికి టేపుతో అంటించకండి, పీకేటప్పుడు వెనక పూత లేచిపోతుంది. మందపాటి కాగితానికి నాలుగు చిన్న గాట్లు పెట్టి కార్డు మూలలు అందులో దూర్చాను, కదలకుండా ఉంది. కవరు పంపడానికి వారం ముందు ఒక పోస్టుకార్డు ముక్క రాసి పడేశాను, "నీకు కవరు వస్తుంది, సంతకం పెట్టి తీసుకో, మంచి కబురే" అని. అది చేరిందో లేదో నాకు తెలియదు, చేరకపోయినా నష్టం లేదు.

చేరిందా, వాడిందా అని తెలుసుకోవడానికి ఆవిణ్ని అడగక్కర్లేదు. స్పీడ్ పోస్టు రసీదు మీద ఇంగ్లీషు E అక్షరంతో మొదలై IN తో ముగిసే పదమూడక్షరాల నంబరుంటుంది, దాంతో కవరు అందిన రోజు కనబడుతుంది. కార్డు ముందువైపు నంబరు పంపే ముందే రాసి పెట్టుకున్నాను, కస్టమర్ కేర్‌కి చేస్తే ఆ నంబరుతో ఎంత మిగిలిందో చెప్పారు. కొన్ని కార్డులకు పిన్ను కూడా అడుగుతారు, అలాంటివైతే ఈ పప్పులుడకవు, కొనే ముందే కనుక్కోండి. నెలకోసారి చూశాను. నవంబరులో 2,000, డిసెంబరులో 2,000. ఆ రెండు నెలలూ టెన్షనే, పెట్టె అడుగు కళ్ల ముందు కనబడేది. అయినా కబురు పెట్టి "ఇంకా తీసుకోలేదేం" అని అడగలేదు, అడిగితే లెక్క చూస్తున్నానని తెలిసిపోతుంది, చీర పెట్టిన వాడు లెక్క చూడకూడదు.

జనవరి మొదటి వారంలో 140 అయింది. అంటే 1,860 రూపాయల చీర. పండక్కి ఊరెళితే మెంతి రంగు చీర కట్టుకుని కనబడింది, ఆటో అతను కాగితం చూసి నేరుగా కొట్టు ముందే దింపాడట, ఆ మాటే నాలుగుసార్లు చెప్పింది. 140 సంగతి నేను ఎత్తకముందే తనే అంది: "ఇంకా మిగిలుందంట అబ్బయ్యా, రవిక గుడ్డకొస్తుంది. పెట్టె అడుగున పెట్టుండాను."